ఆంధ్రా మీల్స్ ముందు కూర్చుంటే కడుపు మాట ఎందుకు ఆలస్యంగా వినిపిస్తుంది?

బెంగళూరులో మారతహళ్లి వెళ్లినా, కోరమంగల వెళ్లినా, రెసిడెన్సీ రోడ్డు వెళ్లినా ఆంధ్రా మీల్స్ పెట్టే హోటల్ తగులుతుంది. అరిటాకు వేసి, నీళ్లు చల్లి, గోంగూర పచ్చడి, కందిపొడి, ముద్దపప్పు, వేపుడు, అప్పడం వరసగా పెడతారు. ఆ తర్వాత అన్నం వస్తుంది. అన్నం, పప్పు, సాంబారు, రసం ఎంత అడిగితే అంత వేస్తారు. ఎంత తిన్నా బిల్లు ఒకటే. అంటే ఇక్కడ ఎంత తినాలన్నది ప్లేటు సైజు చెప్పదు, ధర చెప్పదు. హస్తంతో అన్నం వేసేటప్పుడు ‘చాలు’ అనాల్సింది తినేవాళ్లే. ఆ ‘చాలు’ అనే మాట నోటికి రావాలంటే ముందు కడుపు నుంచి కబురు రావాలి. తినే వేగానికీ, తిండి మోతాదుకీ ఉన్న సంబంధమంతా ఆ కబురు వచ్చే టైమింగ్‌లోనే ఉంది.

‘కడుపు నిండిందని మెదడుకు తెలియడానికి 20 నిమిషాలు పడుతుంది’ అనే మాట అందరూ వినే ఉంటారు. ఇది సగం నిజం. 20వ నిమిషాన గంట కొట్టినట్టు ఒక్కసారిగా వచ్చే సంకేతం అంటూ ఏదీ లేదు. వేరువేరు వేగాలతో వచ్చే కబుర్లు కొన్ని ఉన్నాయి, అవన్నీ కలిస్తేనే తృప్తి.

అన్నిటికన్నా ముందు వచ్చేది పొట్ట సాగడం వల్ల పుట్టే కబురు. తిండీ నీళ్లూ చేరేకొద్దీ పొట్ట గోడ సాగుతుంది. ఆ సాగుడును వేగస్ అనే నరం పసిగట్టి మెదడు అడుగు భాగానికి చేరవేస్తుంది. దీనికి ఎక్కువసేపు పట్టదు, తింటూ ఉండగానే మొదలవుతుంది. అయితే ఒంటరిగా ఇది బలహీనమైన కబురు. రెండు గ్లాసుల నీళ్లు తాగినా పొట్ట సాగుతుంది, కానీ కాసేపటికే ఆకలి తిరిగొస్తుందని అందరికీ అనుభవమే. రెండోది చిన్నపేగు మొదట్లోంచి వస్తుంది. పొట్టలోంచి కొద్దికొద్దిగా జారిన ఆహారంలోని కొవ్వు, మాంసకృత్తులు అక్కడ తగలగానే సీసీకే అనే హార్మోన్ విడుదలవుతుంది. ఇది పొట్ట ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తుంది, ‘ఇక నెమ్మదించు’ అని మెదడుకు చెబుతుంది. ఇక మూడో రకం కబుర్లు పీవైవై, జీఎల్‌పీ-1 అనే హార్మోన్లవి. ఇవి ఎక్కువగా పేగు కింది భాగాల్లో తయారవుతాయి. తినడం మొదలుపెట్టిన పావుగంట తర్వాత ఇవి పెరగడం కనిపిస్తుంది, పతాక స్థాయికి చేరేసరికి గంటో, ఇంకా ఎక్కువో అవుతుంది. ఇప్పుడు బరువు తగ్గించే ఇంజెక్షన్లుగా పేరుపడ్డవి ఈ జీఎల్‌పీ-1ను అనుకరించే మందులే. ఈ కబురుకు ఎంత బలం ఉందో దాన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

ఇప్పుడు దీన్ని భోజనం బల్ల దగ్గర పెట్టి చూద్దాం. వైట్‌ఫీల్డ్‌లో ఐటీ ఉద్యోగం చేసే కర్నూలు కుర్రాడు ఒకరు ఉన్నారనుకుందాం. పొద్దున టిఫిన్ చేయలేదు, పదిన్నరకు ఒక కాఫీ తాగాడు అంతే. ఒంటి గంటా పదికి హోటల్లో కూర్చున్నాడు. రెండింటికి మీటింగ్. 1.13కి అన్నం పడింది, పప్పు కలిపాడు, రెండు చెంచాల నెయ్యి వేసుకున్నాడు. 1.17కి ఆ విడత అయిపోయింది. ఆకు ఖాళీ కావడం చూసి వడ్డించే అతను అడక్కుండానే మరో హస్తం వేసి సాంబారు పోశాడు. 1.20కి రసం అన్నం. 1.22కి పెరుగన్నం. 1.25కి చెయ్యి కడుక్కుంటున్నాడు. మొత్తం 12 నిమిషాలు.

ఆ 12 నిమిషాల్లో ఏమేం లోపలికి వెళ్లాయో రఫ్‌గా లెక్క వేద్దాం. పప్పుకు 150 గ్రాముల అన్నం, సాంబారుకు 150, రసానికి 100, పెరుగుకు 100 అనుకుంటే వండిన అన్నమే 500 గ్రాములు. వండిన తెల్లన్నం 100 గ్రాములకు సుమారు 130 క్యాలరీలు కాబట్టి అన్నం ఒక్కటే 650. నెయ్యి రెండు చెంచాలు 90. పప్పు, సాంబారు, పెరుగు, వేపుడు, అప్పడం కలిపి ఇంకో నాలుగు వందల దాకా. మొత్తం 1,100 దాటుతుంది. బరువు చూస్తే కిలోకి కాస్త అటూఇటూ, అంటే నిమిషానికి 80 గ్రాములకు పైనే మింగాడు.

చెయ్యి కడుక్కునే వేళకు అతని పొట్ట బాగా సాగింది, ఆ కబురు అందింది. సీసీకే పని మొదలుపెట్టింది. కానీ పేగు కింది భాగం నుంచి రావాల్సిన గట్టి కబురు ఇంకా దారిలోనే ఉంది. అది పెరిగేసరికి అతను ఆఫీసు లిఫ్టులో ఉంటాడు. ‘ఎక్కువైంది’ అని అనిపించేది అప్పుడే. పెరుగన్నం దగ్గర నిజంగానే ఇంకా తినాలనిపించింది, పావుగంట తర్వాత నిజంగానే భారంగా ఉంది. ఆ రెండు అనుభవాల్లో ఏదీ అబద్ధం కాదు. కాబట్టి ఇలాంటివాళ్లను కంట్రోల్ లేని మనుషులనడం అన్యాయం. కబురు రాకముందే భోజనం అయిపోయింది, అంతే.

ఈ తేడాను ప్రయోగశాలల్లో కొలిచారు. 2010లో వెలువడిన ఒక అధ్యయనంలో 17 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్లకు 300 మిల్లీలీటర్ల ఐస్‌క్రీమ్ ఇచ్చారు. ఒకరోజు దాన్ని 5 నిమిషాల్లో, ఇంకోరోజు అరగంట పాటు కొద్దికొద్దిగా తినమన్నారు. తిన్నది ఒకటే అయినా, నెమ్మదిగా తిన్నరోజు పీవైవై, జీఎల్‌పీ-1 ఎక్కువగా విడుదలయ్యాయి. ఆకలి పుట్టించే హార్మోన్ గ్రెలిన్‌లో మాత్రం తేడా లేదు. అంటే నెమ్మదిగా తింటే ఆకలి త్వరగా చల్లారడం కన్నా, తృప్తినిచ్చే కబురు గట్టిపడడమే జరుగుతోందన్నమాట.

మరి నిజంగా తక్కువ తింటారా? 2008లో అమెరికాలోని రోడ్ ఐలండ్ విశ్వవిద్యాలయంలో 30 మంది ఆడవాళ్లతో దీన్ని పరీక్షించారు. గబగబా తిన్నరోజు సుమారు 9 నిమిషాల్లో సగటున 646 క్యాలరీలు తిన్నారు. నిదానంగా తిన్నరోజు 29 నిమిషాలు పట్టింది, 579 క్యాలరీలే తిన్నారు. తేడా 67. మన లెక్కలో చెప్పాలంటే 50 గ్రాముల అన్నం, అంటే నాలుగైదు చిన్న ముద్దలు. ఈ అంకెను దాచకుండా చెప్పడం అవసరం. నెమ్మదిగా తింటే సగానికి సగం తగ్గిపోతుందని ఊరించే వీడియోలు చాలా తిరుగుతున్నాయి, అంత లేదు. పూట పూటకూ వచ్చే చిన్న తేడా ఇది. అలవాటైతే ఏడాది పొడవునా నిలుస్తుంది కాబట్టే దీనికి విలువ.

అలవాటైతే నిలుస్తుందా అన్న ప్రశ్నకు కూడా కొంత జవాబు ఉంది. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో ఊబకాయం ఉన్న 106 మంది పిల్లలపై, 9 నుంచి 17 ఏళ్ల వాళ్లపై, ఏడాది పాటు జరిగిన అధ్యయనం 2010లో వచ్చింది. కొందరికి కంచం కింద పెట్టే ఒక తూకపు యంత్రం ఇచ్చారు. కంచంలో తిండి ఎంత వేగంగా తగ్గుతోందో, ఎంత వేగంగా తగ్గాలో రెండు గీతల్లో అది చూపిస్తుంది. ఏడాది తర్వాత మామూలు చికిత్స తీసుకున్నవాళ్ల కన్నా ఈ పిల్లల్లో బీఎంఐ అనే బరువు సూచిక బాగా తగ్గింది. అంతకన్నా గమనించాల్సిన సంగతి, వాళ్లు తమంతట తాము వడ్డించుకునే మోతాదు కూడా తగ్గింది.

సరే, నెమ్మదిగా తినాలి. కానీ ఎలా? అందరూ చెప్పే సలహా ‘ముద్దకు 32 సార్లు నమలండి’. వినడానికి బాగానే ఉంటుంది, పప్పన్నం దగ్గరే ఇది తేలిపోతుంది. మెత్తగా ఉడికిన సోనామసూరి అన్నంలో ముద్దపప్పు, నెయ్యి వేసి చేత్తో మెదిపి కలిపాక నమలడానికి అందులో ఏమీ మిగలదు. ఐదారుసార్లు నమిలేసరికి గొంతులోకి జారిపోతుంది. ముప్పైసార్లు నమలాలని పట్టుబడితే రెండో రోజుకే విసుగు పుడుతుంది. రసం అన్నం సంగతి సరేసరి, అది జుర్రుకునేదే. తెలుగు భోజనంలో వేగం తినేవాళ్ల తొందర వల్ల వచ్చేది కొంతే. అసలు వేగం తిండి రూపంలోనే ఉంది.

దీనికి బలమైన సాక్ష్యం 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో కెవిన్ హాల్ బృందం చేసిన ప్రయోగం. 20 మందిని నాలుగు వారాలు అక్కడే ఉంచి, రెండు వారాలు బాగా ప్రాసెస్ చేసిన తిండి, రెండు వారాలు మామూలు వంట పెట్టారు. రెండింటిలోనూ ఎంత కావాలంటే అంత తినొచ్చు. ప్రాసెస్డ్ తిండి తిన్న వారాల్లో రోజుకు దాదాపు 500 క్యాలరీలు ఎక్కువ తిన్నారు, తినే వేగం కూడా పెరిగింది. కారణాలు ఇంకా ఉండొచ్చు కానీ, మెత్తగా ఉండి నమలక్కర్లేని తిండి వేగాన్ని పెంచుతుందన్నది ఇతర ప్రయోగాల్లోనూ పదేపదే కనిపించింది. అందుకే నోటిని బలవంతంగా ఆపడం కన్నా ఆకులో ఏది ముందు, ఏది తర్వాత, ముద్ద ఎంత అన్న విషయాలు మార్చడం సులువు.

చేత్తో తింటే దానంతట అదే నెమ్మదిస్తుందని చాలామంది గర్వంగా చెబుతారు. సింగపూర్‌లో 2015లో అన్నాన్ని చెంచాతో, చేత్తో, చాప్‌స్టిక్స్‌తో తినిపించి రక్తంలో చక్కెర ఎలా పెరుగుతుందో చూశారు. చెంచా కన్నా చాప్‌స్టిక్స్‌తో తిన్నప్పుడు చక్కెర పెరుగుదల తక్కువ. చేత్తో తిన్నప్పుడు మాత్రం ఆ రెండింటితోనూ చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. చెయ్యి మంచిదే, కానీ అది పట్టే ముద్ద సైజును బట్టే వేగం. నాలుగు వేళ్లూ అరచెయ్యీ నింపిన ముద్దకూ, వేళ్ల కొసలతో పట్టిన ముద్దకూ బరువులో రెట్టింపు తేడా ఉండొచ్చు. ముద్ద చిన్నదైతే అదే అన్నానికి ఎక్కువసార్లు చెయ్యి నోటికి వెళ్లాలి, నోట్లో రుచి ఎక్కువసేపు ఉంటుంది. లెక్కపెట్టి నమలడం కన్నా ఇది గుర్తుంచుకోవడం తేలిక.

మీల్స్‌లో ఇంకో చిక్కుంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. ఒకే రుచి తింటూ పోతే ఆ రుచి మీద మోజు తగ్గుతుంది, కానీ కొత్త రుచి రాగానే ఆకలి మళ్లీ లేచినట్టుంటుంది. రకాలు పెరిగేకొద్దీ ఎక్కువ తింటారని 1980ల నుంచే ప్రయోగాలు చూపిస్తున్నాయి. పప్పు కమ్మదనం అయ్యాక సాంబారు పులుపు, ఆ తర్వాత రసంలో మిరియం ఘాటు, చివర పెరుగు చల్లదనం. ఒక్కో విడతా నాలుకకు కొత్త భోజనం లాంటిదే. పప్పన్నం మూడో హస్తం వేయబోతే ‘వద్దు బాబోయ్’ అనే మనిషే, రసం అనగానే చెయ్యి చాపుతాడు. ఆ చాపింది నాలుక కోసమా, కడుపు కోసమా అని అతనికి ఆ క్షణంలో తెలియదు.

అయితే ఇదే వరస మేలు కూడా చేయగలదు. కంచం నిండా ఒకేసారి పెట్టుకునే బిర్యానీకి మధ్యలో ఆగే చోటు ఉండదు. మీల్స్‌లో ప్రతి రెండు వంటకాల మధ్యా సహజంగా ఒక విరామం ఉంది. వడ్డించే అతను వచ్చేదాకా ఆకు ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీని కాస్త సాగదీయడమే మొత్తం కిటుకు.

అదే హోటల్లో అదే కుర్రాడు ఇంకోరోజు ఇలా తిన్నాడనుకుందాం. అన్నం రాకముందే ఆకులో ఉన్న బీన్స్ వేపుడు, దోసకాయ ముక్కలు, కాస్త పప్పు ఉత్తిగా తిన్నాడు. వేపుడులో నమలడానికి ఉంది కాబట్టి మూడు నాలుగు నిమిషాలు పట్టింది. ఆహారం పేగులోకి జారడం అప్పుడే మొదలైంది, గడియారం ముందే తిరగడం మొదలైందన్నమాట. అన్నం వచ్చినప్పుడు ‘అన్నా, సగమే వెయ్యి, మళ్లీ అడుగుతా’ అన్నాడు. మళ్లీ అడిగే హక్కు చేతిలోనే ఉంది కాబట్టి తక్కువైపోతుందన్న భయం లేదు. అపరిమిత భోజనంలో ఉన్న ఈ సౌకర్యాన్ని ఎక్కువమంది ఉలటా వాడుకుంటారు. పప్పన్నం 100 గ్రాములు, చిన్న ముద్దలతో ఆరు నిమిషాలు. ఆకు ఖాళీ అయ్యాక వెంటనే పిలవకుండా, ఎదురుగా ఉన్న స్నేహితుడితో రెండు మూడు నిమిషాలు మాట్లాడాడు. సాంబారుకు ఇంకో 100 గ్రాములు. రసం అన్నంలో పోయించుకోకుండా గ్లాసులో తెప్పించుకుని తాగాడు. చివర పెరుగన్నానికి 75 గ్రాములు. మొత్తం 22 నిమిషాలు, అన్నం 275 గ్రాములు.

మొదటి రోజుతో పోలిస్తే అన్నం 225 గ్రాములు తగ్గింది, అంటే దాదాపు 290 క్యాలరీలు. ఈ తగ్గింపంతా నెమ్మదితనం ఖాతాలో వేస్తే తప్పవుతుంది. ప్రయోగాల్లో వేగం ఒక్కదాని వల్ల వచ్చే తేడా చిన్నదే. ఇక్కడ ఎక్కువ భాగం సగం హస్తం అడగడం వల్ల, రసానికి అన్నం వేయించుకోకపోవడం వల్ల తగ్గింది. నెమ్మది చేసిన పని వేరు. తక్కువ తిన్నా లోటుగా అనిపించకుండా, సాయంత్రం నాలుగింటికే మళ్లీ ఆకలి పుట్టకుండా కాపాడే అవకాశాన్ని అది ఇచ్చింది. వేగం తగ్గించకుండా కేవలం అన్నం తగ్గిస్తే ఆ పట్టుదల వారం తిరక్కుండానే సడలిపోవడం మామూలే.

మొదటి రోజు వేగానికి మూలం హోటల్లో లేదు, పొద్దున మానేసిన టిఫిన్‌లో ఉంది. ఆకలి ఎంత ముదిరితే చెయ్యి అంత వేగంగా కదులుతుంది. అందుకే ఆకలిని దాని తొలి దశలోనే గుర్తుపట్టడం తెలియాలి.

గ్రెలిన్ అనే హార్మోన్‌ను జపాన్ శాస్త్రవేత్తలు 1999లో కనుగొన్నారు. ఎక్కువగా పొట్టలోనే తయారయ్యే ఈ హార్మోన్ భోజనానికి ముందు పెరిగి, తిన్నాక తగ్గుతుంది. విశేషమేమిటంటే ఇది రోజూ తినే వేళను నేర్చుకుంటుంది. పీజీలో రాత్రి తొమ్మిదిన్నరకు భోజనం పెడితే కొన్నాళ్లకు తొమ్మిది దాటగానే ఆకలి వేస్తుంది. రోజూ నాలుగున్నరకు టీతో పాటు సమోసా తినేవాళ్లకు ఆదివారం ఇంట్లో ఉన్నా నాలుగున్నరకే నోరు లాగుతుంది. ఈ ఆకలి కెరటంలా వస్తుంది, కాసేపు ఓపిక పడితే తగ్గుతుంది కూడా. వేళతప్పి తినేవాళ్లకు ఈ అలవాటు గడియారం కుదురుగా ఉండదు, దాంతో ఎప్పుడు అసలు ఆకలో ఎప్పుడు కాదో తేల్చుకోవడం కష్టమవుతుంది. షిఫ్టుల్లో పనిచేసేవాళ్లకు నిద్ర కూడా తోడవుతుంది. 2004 నాటి ఒక చిన్న అధ్యయనంలో వరసగా రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిస్తే, యువకుల్లో గ్రెలిన్ 28 శాతం పెరిగింది. నైట్ షిఫ్ట్ తర్వాత విపరీతంగా వేసే ఆకలిని పూర్తిగా తిండి లోటుగా భావించనక్కర్లేదు.

కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయంటే ఆకలి అనే అందరూ అనుకుంటారు. ఆ చప్పుడు ఒక్కటీ నమ్మదగ్గ గుర్తు కాదు. పొట్ట ఖాళీగా ఉన్నప్పుడు గంటన్నర, రెండు గంటలకోసారి పొట్ట నుంచి పేగు వరకూ బలమైన కదలికలు వచ్చి మిగిలిన వాటిని ఊడ్చేస్తాయి. ఆ గుర్రుమనే శబ్దం చాలాసార్లు దానిదే. అది ఆకలితో కలిసి రావచ్చు, రాకపోవచ్చు.

ఇంట్లో సులువుగా వేసుకోదగ్గ పరీక్ష ఒకటుంది. తినాలనిపించినప్పుడు, ‘ఇప్పుడు ఉత్త పెరుగన్నం పెట్టినా తింటానా?’ అని అడగాలి. తింటాననిపిస్తే ఆకలి వేస్తున్నట్టే. పెరుగన్నం వద్దు, మిర్చి బజ్జీ అయితే కావాలనిపిస్తే అది రుచి మీద మనసు. బజ్జీ తినడం తప్పేమీ కాదు, రెండు తిని ఆనందించవచ్చు. దాన్ని కడుపు నింపుకునే లెక్కలో తినకుండా ఉంటే చాలు. భోజనానికి కూర్చోవడానికి సరైన సమయం, పెరుగన్నమైనా తినగలిగేంత ఆకలి ఉండి, చిరాకు, తలనొప్పి, చేతుల వణుకు ఇంకా మొదలుకాని సమయం. ఆ దశ దాటితే నెమ్మదిగా తినమని ఎంత చెప్పుకున్నా చెయ్యి వినదు. మీటింగ్ వల్ల భోజనం రెండున్నరకు జరుగుతుందని ముందే తెలిస్తే, పన్నెండింటికి ఒక అరటిపండో గుప్పెడు వేయించిన శనగలో తినడం ఆ భోజనాన్ని కాపాడుతుంది.

ఇక మైండ్‌ఫుల్ ఈటింగ్. ధ్యాస పెట్టి తినడం అనగానే కళ్లు మూసుకుని ఒక్క ఎండుద్రాక్షను ఐదు నిమిషాలు తినే అభ్యాసం చాలామందికి గుర్తొస్తుంది. కిటకిటలాడే హోటల్లో ఆ పని కుదరదు, కుదరాల్సిన అవసరమూ లేదు. ధ్యాస వల్ల మోతాదు తగ్గడానికి బలమైన వివరణ జ్ఞాపకం దగ్గర దొరుకుతుంది. 1998లో అచ్చయిన ఒక పరిశీలన దీన్ని కళ్లకు కట్టింది. జరిగింది కాసేపటికే మరిచిపోయే తీవ్రమైన మతిమరుపు ఉన్న ఇద్దరికి మధ్యాహ్న భోజనం పెట్టి, 10 నుంచి 30 నిమిషాల తర్వాత మళ్లీ భోజనం పెడితే, తినలేదన్నట్టుగా రెండోదీ తినేశారు. మూడోది పెట్టినా మొదలుపెట్టిన సందర్భాలున్నాయి. పొట్ట నిండే ఉంది, కానీ తిన్నామన్న జ్ఞాపకం లేదు. ఎప్పుడు ఆపాలో, మళ్లీ ఎప్పుడు తినాలో నిర్ణయించడంలో ఆ జ్ఞాపకానికి ఎంత పాత్ర ఉందో దీనితో తెలిసింది.

ఫోన్‌లో రీల్స్ చూస్తూ తినేవాళ్లు ఆ జ్ఞాపకాన్ని తయారుకానివ్వరు. దీని మీద జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి 2013లో చేసిన విశ్లేషణలో, పరధ్యానంగా తింటే ఆ పూట ఎక్కువ తింటారని తేలింది. అంతకన్నా పెద్ద ప్రభావం తర్వాతి పూట మీద కనిపించింది. మధ్యాహ్నం ఏం తిన్నారో గుర్తులేనివాళ్లే సాయంత్రం చిరుతిళ్లు ఎక్కువ తింటారు. కాబట్టి హోటల్లో చేయగలిగిన మైండ్‌ఫుల్ ఈటింగ్ ఇంతే: ఫోన్ బోర్లా పెట్టడం, ఒక్కో విడతలో మొదటి రెండు ముద్దల రుచిని పట్టించుకోవడం, లేచే ముందు ఆకు వైపు చూసి ఏమేం తిన్నామో ఒకసారి గుర్తుచేసుకోవడం. స్నేహితులతో కబుర్లు చెబుతూ తినడం కూడా కొందరిని ఎక్కువ తినేలా చేస్తుంది. అయినా మాట్లాడేటప్పుడు నోరు ఖాళీగా ఉంటుంది కాబట్టి స్క్రీన్ కన్నా అది మేలనే అనిపిస్తుంది. మైండ్‌ఫుల్ ఈటింగ్ శిక్షణలు అదుపు తప్పి తినే అలవాటును తగ్గిస్తాయనడానికి ఆధారాలున్నాయి. మామూలు డైట్ల కన్నా ఎక్కువ బరువు తగ్గిస్తాయని మాత్రం రుజువు కాలేదు.

ఇది పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి తూకం మెషీన్ అంత త్వరగా ఉపయోగపడదు. భోజనం అయిన 20 నిమిషాలకు ఒంట్లో ఎలా ఉందో చూసుకోవాలి. బెల్టు వదులు చేయాలనిపించినా, మెట్లెక్కుతుంటే ఆయాసమొచ్చినా చివరి విడత అదనం. హాయిగా ఉండి, మూడు నాలుగు గంటలకు మెల్లగా ఆకలి మొదలైతే మోతాదు సరిపోయింది. గంటన్నరకే ఆకలి వేస్తే తక్కువ తిన్నారని కాకపోవచ్చు, పప్పు, పెరుగు, గుడ్డు లాంటివి తగ్గి అన్నమే ఎక్కువై ఉండొచ్చు. అప్పుడు అన్నం కాకుండా పప్పు పెంచి చూడాలి.

ఈ లెక్క ఎక్కువగా తప్పిపోయేది బంధువుల ఇళ్లలో. హోటల్లో సర్వర్‌కు ‘చాలన్నా’ అన్నంత తేలిగ్గా అత్తగారితో ‘వద్దండీ’ అనలేరు. కొసరి వడ్డించడం ప్రేమే, ఖాళీ ఆకు కనిపిస్తే ఆ ప్రేమ ఆగదు. అక్కడ ఆకులో రెండు ముద్దలు మిగిలి ఉండగానే నిదానించి, మాటల్లో పడి, ఆఖరున ‘పెరుగు వేయండి అత్తయ్యా, చాలు’ అంటే ఎవరూ నొచ్చుకోరు. పెరుగు అడిగితే భోజనం ముగిసినట్టే అన్నది తెలుగిళ్లలో అందరికీ తెలిసిన మర్యాద.

కొందరికి ఈ పద్ధతి ఉన్నదున్నట్టు పనికిరాదు. ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి చక్కెర తగ్గించే మాత్రలు గానీ వాడేవాళ్లు ఆకలి వేసేదాకా ఆగుదామనుకుంటే ప్రమాదం, ఎందుకంటే మందు వేళకు తిండి పడకపోతే చక్కెర పడిపోతుంది. వాళ్లు తినే వేళ మార్చకుండా వేగం మాత్రమే తగ్గించుకోవాలి, అన్నం బాగా తగ్గించాలనుకుంటే మందు మోతాదు గురించి ముందే డాక్టర్‌తో మాట్లాడాలి. గతంలో తిండి మానేయడం, తిని కక్కేయడం లాంటి ఇబ్బందులు పడ్డవాళ్లకు ముద్దల మీద, సంకేతాల మీద ఇంత ధ్యాస పెట్టడమే మళ్లీ ఆ దారిలోకి లాగొచ్చు. వాళ్లు దీన్ని నిపుణుల సాయంతోనే చేయాలి. ఏ ప్రయత్నమూ లేకుండా నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతూ, బరువు కూడా తగ్గుతుంటే, దాన్ని మంచి అలవాటు ఫలితమనుకుని మురిసిపోకుండా డాక్టర్‌కు చూపించుకోవాలి. ఏళ్ల తరబడి మధుమేహం ఉన్నవాళ్లలో పొట్ట ఖాళీ కావడం మందగించడం వల్ల కూడా ఇలా జరుగుతుంది.